రాత్రిపూట నెట్ ఆగిపోతే తప్పెవరిది? ల్యాప్‌టాప్‌దా, రౌటర్‌దా, లైన్‌దా?

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం, అపార్ట్‌మెంట్‌లో మూడో ఫ్లోర్, 100 ఎంబీపీఎస్ ఫైబర్. పగలంతా బానే ఉంటది, రాత్రి 8 దాటితే వీడియో కాల్‌లో మాట ముక్కలు ముక్కలు అయిపోతది. కంపెనీ వాళ్లు రౌటర్ మార్చుకోమంటారు, రౌటర్ అమ్మినాయన లైన్‌లోనే లోపం అంటాడు, మా బావమరిదేమో ల్యాప్‌టాప్ పాతదైపోయింది అంటాడు. డబ్బులు పెట్టేముందు తప్పెక్కడుందో ఇంట్లోనే తేల్చుకునే దారుందా?

సమాధానం:

ఉందండి. ఒక ల్యాప్‌టాప్, ఒక లాన్ కేబుల్ ఉంటే అరగంటలో తేలిపోద్ది. ఇబ్బంది వచ్చే టైమ్‌లోనే కూర్చుని రెండు పింగ్‌లు పక్కపక్కన పెట్టి చూడండి, ఒకటి మీ రౌటర్‌కి, ఇంకోటి బయటికి. పింగ్ అంటే చిన్న పలకరింపు పంపి బదులు ఎంతసేపట్లో వస్తుందో చూడటం. రౌటర్‌కి వెళ్లే పింగే ఎగిరెగిరి పడుతుంటే గొడవ మీ ఇంట్లోనే ఉంది, కంపెనీకి ఫోన్ చేయడం దండగ. రౌటర్‌కి బాగుండి బయటికి మాత్రం పాడైతే లైన్ అవ్వొచ్చు, కానీ అప్పుడు కూడా వెంటనే లైన్ అని తీర్మానం చేయొద్దు, మధ్యలో ఒక మెలిక ఉంది, కింద చెప్తా. రెండూ బాగుండి ఒక్క ఫోన్‌లోనో ఒక్క యాప్‌లోనో ఆగుతుంటే అప్పుడు ఆ ఫోన్ సంగతి చూసుకోవాలి.

నేను గుంటూరులో పదహారేళ్లుగా ఇదే పని చేస్తున్నా, ముందు కేబుల్ నెట్ లైన్లు లాగేవాణ్ణి, ఇప్పుడు అపార్ట్‌మెంట్లకి హాస్టళ్లకి నెట్‌వర్క్ పెట్టి చూసుకుంటా. మీరు రాసింది చదవగానే ఒకటి అనిపించింది, రాత్రిళ్లే వస్తుంది కాబట్టి లైనే అని రౌటర్ అమ్మినాయన అని ఉంటాడు, అందరూ అనే మాటే అది, మొదట్లో నేనూ అనేవాణ్ణి. కానీ రాత్రి 8 అయ్యేసరికి మూడు చోట్ల ఒకేసారి రద్దీ పెరుగుద్ది. కంపెనీ లైన్ మీద ఊరంతా ఎక్కుతారు, నిజమే. మీ పైఫ్లోర్ కిందిఫ్లోర్ పక్కింటి వాళ్లందరూ ఇళ్లకొచ్చి వాళ్ల వాళ్ల వైఫైలు వాడతారు, ఆ గాలంతా నిండిపోద్ది. మీ ఇంట్లో వాళ్లు కూడా వచ్చి నాలుగు ఫోన్లు ఒక టీవీ మీ రౌటర్ మీదే వేస్తారు. మూడూ ఒకే టైమ్‌కి మొదలై ఒకే టైమ్‌కి తగ్గుతాయి కాబట్టి గడియారం చూసి ఏమీ చెప్పలేం. విడదీసి చూడాల్సిందే.

ముందు చేయాల్సింది ల్యాప్‌టాప్ మీద ఉన్న అనుమానం తీసేయడం, అది రెండు నిమిషాల పని. మాట ముక్కలవుతున్న టైమ్‌లోనే ల్యాప్‌టాప్‌ని ఇంటి వైఫై నుంచి తీసి మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి అదే కాల్ మాట్లాడండి (ఫోన్‌లో వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద ఉండాలి, లేకపోతే కొన్ని ఫోన్లు మళ్లీ ఇంటి వైఫైనే పంచుతాయి). హాట్‌స్పాట్ మీద కాల్ శుభ్రంగా వస్తే ల్యాప్‌టాప్ మీద పెట్టిన నేరం చాలావరకు కొట్టేయొచ్చు, మీ బావమరిదికి చెప్పండి. చాలావరకు అని ఎందుకన్నానంటే ఆ ల్యాప్‌టాప్ ఇంటి వైఫైని సరిగ్గా పట్టుకోలేకపోవడం అనేది ఇంకా మిగిలే ఉంది, అది కేబుల్ పెట్టినప్పుడు బయటపడుద్ది.

ఇప్పుడు అసలు పరీక్ష. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టండి:

```
ipconfig
```

అందులో `Default Gateway` అని ఒక అడ్రస్ కనిపిస్తుంది, సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటది, అదే మీ రౌటర్. ఇప్పుడు రెండు కమాండ్ ప్రాంప్ట్‌లు తెరిచి స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టుకోండి, ఒక దాంట్లో మొదటిది, ఇంకో దాంట్లో రెండోది (మీ గేట్‌వే వేరేది అయితే ఆ అడ్రసే కొట్టండి):

```
ping -t 192.168.1.1
```

```
ping -t 8.8.8.8
```

8.8.8.8 అంటే గూగుల్ వాళ్ల డీఎన్ఎస్ సర్వర్, అంటే సైట్ పేరు అడిగితే దాని అడ్రస్ చెప్పేది, దాదాపు ఎప్పుడూ పలుకుతుంది కాబట్టి అందరం దాన్నే వాడతాం. ఈ రెండూ సెకనుకి ఒకటి చొప్పున పలకరిస్తూ పోతాయి, పది నిమిషాలు వదిలేస్తే దగ్గరదగ్గర 600 సార్లు అవుద్ది. తర్వాత Ctrl+C నొక్కితే ఎన్ని పంపింది, ఎన్ని తిరిగొచ్చాయి, ఎన్ని పోయాయి అని కింద లెక్క ఇస్తుంది.

ఏం చూడాలంటే, కేబుల్ మీద రౌటర్ పింగ్ 1 మిల్లీసెకన్ ఉండాలి, `time<1ms` అని కూడా వస్తుంది. వైఫై మీద అయితే 2 నుంచి 10 దాకా పర్లేదు. బయటి పింగ్ మన వైపు ఫైబర్ మీద నేను మామూలుగా చూసేది 10 నుంచి 40 లోపు. అసలు అంకె ఎంత అన్నదాని కంటే అది నిలకడగా ఉందా లేదా అన్నదే ముఖ్యం, 35 అంటే 35 అలా కదలకుండా ఉన్న లైన్ మీద కాల్ హాయిగా నడుస్తుంది, అదే 15, 15, 220, 18, 340 అని గెంతుతుంటే మాట ముక్కలైపోద్ది. `Request timed out.` అని వందలో ఒకటీ రెండు వచ్చినా వీడియో చూసేవాడికి తెలీదు, ముందే కొంత దాచుకుంటుంది కాబట్టి. కాల్ మాట్లాడేవాడికి మాత్రం తెలిసిపోద్ది. అందుకే ఇంట్లో పిల్లలు వీడియో బానే వస్తుంది కదా నాన్నా అంటారు, మీకేమో కాల్ పోద్ది, ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

ఈ పరీక్ష ముందు వైఫై మీద, మీరు ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని చేయండి. తర్వాత కేబుల్ పెట్టి మళ్లీ చేయండి. రెండూ కావాలి. ఒకటి చేసి వదిలేస్తే సగమే తెలుస్తుంది. మీ ల్యాప్‌టాప్ సన్నదై లాన్ పోర్ట్ లేకపోతే యూఎస్‌బీకి పెట్టే లాన్ అడాప్టర్ ఒకటి కొనుక్కోండి, కొత్త రౌటర్ కంటే చాలా చవక, రేపు కంపెనీ వాళ్లతో మాట్లాడేటప్పుడు కూడా పనికొస్తుంది.

ఒక ఇంట్లో జరిగింది చెప్తా, మీ కేసుకి బాగా దగ్గర. బ్రాడీపేటలో ఒకావిడ, ఇంటి నుంచే ఆఫీసు పని, సాయంత్రం 7 నుంచి షిఫ్టు. 50 ఎంబీపీఎస్ ప్లాన్. ఆవిడకీ ఇదే గొడవ, 8 దాటితే కాల్‌లో మాట పోద్ది. నేను వెళ్లేసరికే కంపెనీ మనిషి ఫైబర్ డబ్బా మార్చేశాడు, వీళ్లు నాలుగు యాంటెన్నాల కొత్త రౌటర్ కొన్నారు, ఎవరో చెప్తే ల్యాప్‌టాప్‌లో ర్యామ్ కూడా వేయించారు. మూడింటికీ డబ్బులు పోయాయి, గొడవ అలాగే ఉంది.

రాత్రి ఏడున్నరకి వెళ్లి ఆవిడ గదిలో, ఆవిడ కుర్చీలోనే కూర్చుని వైఫై మీద రెండు పింగ్‌లు పెట్టా. ఎనిమిది దాటాక రౌటర్ పింగ్ 4, 6, 180, 5, 240, 90 ఇలా ఉంది. బయటి పింగ్ 25, 27, 205, 26, 262, 112. జాగ్రత్తగా చూడండి, బయటి అంకెలో నుంచి రౌటర్ అంకె తీసేస్తే ప్రతిసారీ ఇరవై చిల్లరే మిగులుతుంది. అంటే రౌటర్ దాటాక దారి శుభ్రంగా ఉంది, ఆలస్యం అంతా ల్యాప్‌టాప్‌కి రౌటర్‌కి మధ్యలోనే. (రెండు కిటికీల్లో అంకెలు ప్రతి సెకనూ ఇంత చక్కగా జత కుదరవు, ఒక నిమిషం మొత్తం మీద చూస్తే తెలుస్తుంది.) హాల్లోకి వెళ్లి అదే ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెడితే రౌటర్ 1, బయటికి 21, కదల్లేదు. తేలిపోయింది కదా, వైఫై.

వైఫైలో ఏంటంటే ఆవిడ ల్యాప్‌టాప్ 2.4 గిగాహెర్ట్జ్ అనే వైఫై బ్యాండ్ మీద ఉంది. ఆ బ్యాండ్‌లో ఒకదానికొకటి తగలకుండా ఉండే చానళ్లు మూడే, 1, 6, 11. ఆ గదిలో నిలబడి ఫోన్‌లో వైఫైలు చూపించే యాప్ తీస్తే ముప్ఫై పైన పేర్లు కనిపించాయి, ముప్ఫై మంది మూడు చానళ్లలో సర్దుకోవాలి. వైఫైలో ఒకే చానల్ మీద ఒకళ్లు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, అందుకే పగలు బాగుండి రాత్రి పాడవుద్ది, రౌటర్ ఎంత ఖరీదైనదైనా సరే పక్కింటోడి వంతు అయ్యేదాకా ఆగాల్సిందే. అదే రౌటర్‌లో ఉన్న ఇంకో బ్యాండ్, 5 గిగాహెర్ట్జ్‌కి వేరే పేరు పెట్టి ల్యాప్‌టాప్‌ని దానికి కలిపా. దానికి గోడలు దాటే బలం తక్కువ, కానీ ఆవిడకి మధ్యలో ఒక్క గోడే కాబట్టి సరిపోయింది. పింగ్ 3, 4, 3. ఆ రాత్రి కాల్ బానే జరిగింది, నేను టీ తాగి వచ్చేశా.

రెండు రోజులకి మళ్లీ ఫోన్. "మళ్లీ మొదలైందండి, మీరు చేసింది పనిచేయలేదు."

ఈసారి వెళ్లి సరాసరి కేబుల్ పెట్టి కూర్చున్నా. రౌటర్ 1, బయటికి 21, ఎనిమిదింబావు దాకా అంతే. ఎనిమిదిన్నరకి బయటిది 340, 480, 390, అడపాదడపా టైమ్‌ఔట్. రౌటర్ మాత్రం 1 దగ్గర నుంచి కదల్లేదు. కేబుల్ మీద ఉన్నాం, రౌటర్ బాగుంది, బయట పాడైంది, ఇది చూస్తే ఎవరైనా లైనే అంటారు. పదేళ్ల కిందట అయితే నేనూ అక్కడే కంపెనీకి ఫోన్ కొట్టి నాలుగు మాటలు అనేవాణ్ణి.

పైన మెలిక అన్నది ఇదే. బయటి పింగ్ పాడైనంత మాత్రాన లైన్ పాడైనట్టు కాదు, మీ ఇంట్లోనే ఎవరో లైన్‌ని నింపేసి ఉండొచ్చు. తేల్చడం చాలా తేలిక, రౌటర్‌లో వైఫై మొత్తం ఆపేసి, మిగతా లాన్ కేబుళ్లు కూడా పీకేసి, మీ ఒక్క ల్యాప్‌టాప్‌నే ఉంచి చూడటం. అలా చేస్తే పింగ్ వెంటనే 22కి దిగిపోయింది. వైఫై వేసిన రెండు నిమిషాల్లో మళ్లీ నాలుగొందలు. అంటే ఇంట్లో వైఫై మీద ఉన్న ఏదో వస్తువు. బ్రౌజర్‌లో రౌటర్ అడ్రస్ కొడితే వచ్చే రౌటర్ పేజీలో ఉన్న వస్తువుల్ని ఒక్కోటీ ఆపుకుంటూ పోతే దొరికింది, ఆవిడ మరిది ఫోన్. ఆ అబ్బాయి షాపు కట్టేసి ఎనిమిదిన్నరకి ఇంటికొస్తాడు, వచ్చి ఫోన్ ఛార్జింగ్‌కి పెడతాడు, ఫోన్ ఏమో వైఫై దొరికింది కదా అని వాళ్లింట్లో పెళ్లికి తీసిన వీడియోలన్నీ క్లౌడ్‌కి ఎక్కించడం మొదలుపెడుతుంది. నేను మొదట వెళ్లిన రోజు అతను ఊళ్లో లేడంట, అందుకే ఆ రాత్రి బాగుంది.

అప్‌లోడ్ నిండిపోతే డౌన్‌లోడ్ కూడా ఎందుకు పాడవుద్దని అడుగుతారు. లైన్ మీద పోగలిగిన దానికంటే ఎక్కువ పంపితే రౌటర్ మిగతాదాన్ని వరసలో నిలబెడుతుంది. మీ కాల్ తాలూకు చిన్న చిన్న ప్యాకెట్లు కూడా అదే వరసలో పెళ్లి వీడియోల వెనకాల నిలబడాలి. మీ పింగ్ కూడా అంతే, అది రౌటర్ దాకా ఒక మిల్లీసెకన్‌లో వెళ్లి అక్కడ వరసలో నాలుగొందలు ఆగుతుంది. రౌటర్‌కే పెట్టిన పింగ్‌కి ఆ వరసతో పని లేదు, అందుకే అది 1 దగ్గరే ఉండి మనల్ని మోసం చేస్తుంది. వాళ్ల కొత్త రౌటర్‌లో బ్యాండ్‌విడ్త్ కంట్రోల్ ఉంది, మొత్తం అప్‌లోడ్‌ని ప్లాన్ కంటే కొంచెం తక్కువకి, 50 ఉంటే 43కి కట్టేశా, ఆ అబ్బాయి ఫోన్‌కి అందులో చిన్న వాటా ఇచ్చా. మీ రౌటర్‌లో అది లేకపోతే ఆ ఫోన్లో బ్యాకప్‌నే వైఫై మీద ఆపేసి రాత్రి పడుకునే ముందు వేసుకోమనండి. ఇలా అప్‌లోడ్ నింపేవాటిలో ఫోన్ బ్యాకప్, క్లౌడ్‌కి పంపే సీసీ కెమెరాలు, ఈ రెండే నాకు ఎక్కువ దొరికాయి.

ఆ ఇంట్లో రెండు లోపాలు ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి, రెండూ ఎనిమిది తర్వాతే వచ్చేవి, రెంటికీ కంపెనీతో సంబంధం లేదు. అందుకే ఒకటి సరిచేశాక మళ్లీ వస్తే "ముందు చేసింది తప్పు" అనుకోకుండా మళ్లీ మొదటి నుంచి కొలవండి.

అలాగని ఎప్పుడూ కంపెనీ మంచిదే అనటం లేదు సుమా. లక్ష్మీపురంలో నేను చూసే ఒక హాస్టల్‌లో అచ్చంగా కంపెనీదే. ఎలా తెలిసిందంటే, వైఫైలన్నీ ఆపేసి, ఒక్క ల్యాప్‌టాప్ కేబుల్ మీద. పొద్దున 5 గంటలకి బయటి పింగ్ 19, ఒక్కటీ పోలేదు. రాత్రి 9 నుంచి 11 దాకా 150, 180, 600 పింగ్‌ల లెక్క ఇలా వచ్చింది:

```
Packets: Sent = 600, Received = 552, Lost = 48 (8% loss)
```

మా వైపు నుంచి ఏమీ వాడకుండా వందలో ఎనిమిది పోతున్నాయి, ఇంక ఇంట్లో వెతకడానికి ఏముంది. మూడు రాత్రులు ఇలాగే తీసి పెట్టా.

కంపెనీ వైపు లోపం అయినా అది రెండు రకాలు, ఇది తెలిస్తే వచ్చిన మనిషితో వాదన తగ్గుద్ది. ఒకటి, ఫైబర్‌లో వెలుగు సరిగ్గా రాకపోవడం. ఇంకోటి, వెలుగు బాగానే వచ్చినా వెనకాల వాళ్ల లైన్ మీద జనం ఎక్కువైపోవడం. మీ ఫైబర్ డబ్బా పేజీలోకి (అడ్రస్, పాస్‌వర్డ్ డబ్బా కింద స్టిక్కర్ మీద ఉంటాయి, కొన్ని కంపెనీలు ఈ పేజీకి తాళం వేసేస్తాయి) వెళ్తే ఆప్టికల్ అనో పాన్ స్టేటస్ అనో ఒక చోట `Rx Power` అని కనిపిస్తుంది, డీబీఎంలో. అది మైనస్ అంకె, మైనస్ తర్వాత అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతున్నట్టు. మన ఇళ్లలో ఉండే మామూలు జీపాన్ డబ్బాకి -27 దాటితే గ్యారంటీ లేదు. నేను అయితే -25 దాటగానే మనిషిని పిలుస్తా. -15 నుంచి -23 మధ్య ఉంటే హాయి. బీరువా వెనకాల నలిగిన ఫైబర్, కిటికీ రెక్కలో ఇరుక్కున్న ఫైబర్, కరెంటు స్తంభం మీద ఎవరో పని చేస్తూ వంచేసింది, మురికి పట్టిన కనెక్టర్, ఇవే ఎక్కువ. ఫైబర్‌ని మడత పెడితే తెగకపోయినా ఆ వంపు దగ్గర వెలుగు బయటికి కారిపోద్ది. డబ్బా మీద `LOS` లైటు ఎర్రగా కొట్టుకుంటుందంటే వెలుగే రావట్లేదు, అప్పుడు పింగ్‌లు గింగ్‌లు ఏమీ అక్కర్లేదు, నేరుగా కంప్లైంట్ పెట్టడమే.

వెలుగు తక్కువైతే రాత్రి ఎనిమిది దాకా ఆగదు కదా, పొద్దున కూడా గొడవ చేస్తుంది. హాస్టల్‌లో పగలు -19.4, రాత్రి కూడా -19.4. అయినా వచ్చిన మనిషి కనెక్టర్ తుడిచి, ఇంక సరిపోద్దండి అని వెళ్లిపోయాడు, పాపం అతని చేతిలో ఉన్నది అదే. రాత్రికి మళ్లీ మామూలే. తర్వాత పొద్దున పింగ్, రాత్రి పింగ్, రెండు పూటలా Rx ఒకటే అని ఫొటోలు తీసి పంపి, ఇది స్తంభం మీద పని కాదు, మీ వెనక లింక్ నిండిపోతుంది అని రాస్తే అప్పుడు పై వాళ్ల దాకా వెళ్లింది. ఇంకో పది రోజులకి మా ఏరియాని వేరే లింక్ మీదకి మార్చారు, రాత్రి కూడా 20 వస్తుంది ఇప్పుడు.

మీ ఇంట్లో ఫైబర్ డబ్బా వేరు, మీరు కొన్న రౌటర్ వేరు అయితే ఇంకో మెట్టు ఉంది. కేబుల్‌ని రౌటర్ నుంచి తీసి నేరుగా ఫైబర్ డబ్బా లాన్ పోర్ట్‌లో పెట్టి అదే పింగ్ చూడండి. అక్కడ బాగుండి రౌటర్ వెనకాల పాడైతే అప్పుడు రౌటర్‌ని అనుమానించండి. అయితే కొన్ని ఇళ్లలో డబ్బాని బ్రిడ్జ్‌లో, అంటే నెట్‌ని నేరుగా రౌటర్‌కి దాటించేలా పెట్టి యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ రౌటర్‌లో వేస్తారు, అలాంటి చోట ల్యాప్‌టాప్ పెడితే నెట్ రానే రాదు, దాన్ని చూసి డబ్బా పోయిందనుకోకండి, ల్యాప్‌టాప్‌లోనే ఆ యూజర్‌నేమ్ వేసి పీపీపీఓఈ కనెక్షన్ చేసుకోవాలి.

మాట ముక్కలవడం కాకుండా మొత్తం నెట్టే పోయి వస్తుంటే రౌటర్ పేజీలో రెండు టైమ్‌లు చూడండి. ఒకటి రౌటర్ ఎప్పటి నుంచి ఆన్‌లో ఉంది అన్నది, రెండోది ఇంటర్నెట్ కనెక్షన్ ఎప్పటి నుంచి ఉంది అన్నది. రౌటర్ ఆన్ అయ్యి అయిదు నిమిషాలే అయిందని చూపిస్తే అది దానంతట అదే ఆగి మళ్లీ లేస్తుంది, అడాప్టర్ బలహీనపడి ఉండొచ్చు, కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి మారేటప్పుడు వచ్చే చిన్న గ్యాప్ అవ్వొచ్చు, మే నెలలో టీవీ వెనకాల ఉడికిపోతూ ఉండొచ్చు. రౌటర్ పది రోజులుగా ఆన్‌లోనే ఉండి కనెక్షన్ ఒక్కటే అయిదు నిమిషాల కిందట వచ్చిందంటే తెగింది లైన్ వైపు. ఈ ఒక్క చూపుతో సగం వాదనలు అయిపోతాయి.

ఒక్క ఫోన్‌లోనే రాకపోవడం గురించి ఎక్కువ చెప్పను, మీ కేసు అది కాదు. ఆండ్రాయిడ్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఒక సెట్టింగ్ ఉంటది, ప్రకటనలు రాకుండా ఉండాలని యూట్యూబ్‌లో చూసి అందులో ఏదో పేరు కొడతారు, ఆ సర్వర్ పలకనప్పుడు వైఫై ఫుల్లు గీతలు ఉన్నా ఏదీ తెరుచుకోదు, మిగతా ఫోన్లు మాత్రం బాగుంటాయి. దాన్ని ఆటోమేటిక్‌లో పెడితే పోద్ది. పాత వీపీఎన్ యాప్ ఆన్‌లో ఉండిపోవడం కూడా ఇంతే.

స్పీడ్ టెస్ట్ గురించి ఎందుకు చెప్పలేదని అడగొచ్చు. మీరు 8 దాటాక చేసినా 95 వస్తే ఆశ్చర్యపోను. ఆ టెస్ట్ చాలాసార్లు మీ కంపెనీ వాళ్ల సర్వర్‌నే ఎంచుకుంటుంది, అంటే వాళ్ల గేటు లోపలే తిరిగొస్తుంది, గేటు బయట రద్దీ దానికి కనపడదు. పైగా అది ఎంత వెడల్పు అనేది చెప్తుంది గానీ ఎన్ని ప్యాకెట్లు మధ్యలో పోయాయో సరిగ్గా చెప్పదు. కంపెనీ వాళ్లు వచ్చి స్పీడ్ టెస్ట్ చూపించి "చూడండి సార్ ఫుల్ వస్తుంది" అంటే మీరు పింగ్ కిటికీ చూపించండి. దారిలో వచ్చే రౌటర్లని వరసగా చూపించే `tracert` కూడా కొందరు తీస్తారు, మధ్యలో ఏదో ఒక చోట నక్షత్రాలు వచ్చాయని అదే లోపం అంటారు, అది తప్పు. మధ్య రౌటర్లు కొన్ని ఇలాంటి పలకరింపులకి బదులివ్వకుండా సెట్ చేసి ఉంటాయి. చివరి వరసకి బాగా చేరుతుంటే మధ్యలో నక్షత్రాలని వదిలేయండి.

మీ విషయంలో నేనైతే ఈ వరసలో చేస్తా. రేపు రాత్రి ఎనిమిదిన్నరకి మీ చోట కూర్చుని వైఫై మీద పది నిమిషాలు, కేబుల్ మీద పది నిమిషాలు, మిగతావన్నీ ఆపేసి కేబుల్ మీద ఇంకో పది నిమిషాలు. మీరు మూడో ఫ్లోర్ కదా, పైనా కిందా పక్కనా అందరి వైఫైలూ తగిలే చోటు, నా అనుమానం మొదటి పది నిమిషాల్లోనే తేలుద్దని. కానీ అనుమానం మీద రౌటర్ కొనొద్దు, కొలవండి. మూడోసారి కూడా బయటి పింగ్ పాడైతే ఎల్లుండి పొద్దున లేవగానే అదే పరీక్ష ఒకసారి చేసి, రెండు పూటలా Rx రాసుకుని కంప్లైంట్ పెట్టండి. నోటితో చెప్పి వదిలేయకుండా కంప్లైంట్ నంబర్ తీసుకోండి, ఆ నంబర్ ఉంటేనే వాళ్లు పట్టించుకోనప్పుడు అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి అప్పీల్ పెట్టగలుగుతారు, ట్రాయ్ నిబంధనల ప్రకారం ఆ అథారిటీ ఉండాలి.

మూడు పింగ్ లెక్కలు, Rx అంకె ఇక్కడ పెట్టండి. రౌటర్ మోడల్ కూడా రాస్తే 5 గిగాహెర్ట్జ్ ఉందో లేదో, అప్‌లోడ్ కట్టే సదుపాయం ఉందో లేదో చూసి చెప్తా.